అప్‌స్ట్రీమ్ యాభై మూడు

ఆ ఏడాదంతా ఆ పిల్ల నాకు మెడ నుంచి పైకి మాత్రమే కనిపించింది. మెడ కింద ఎంత ఎదిగిందో నాకు తెలియదు.

మా మరిది కూతురు. పుట్టినప్పటి నుంచి నా వంటింట్లో, నా మంచం మీద పెరిగిన పిల్ల. నాకు పిల్లలు లేరు. ఈ మాట వినగానే కొందరు "అయ్యో" అనడానికి నోరు తెరుస్తారు. తెరవక్కర్లేదు. ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ నాకు ఏ లోటూ లేదు. కన్నది నా తోడికోడలు. జడలు వేసిందీ, అన్నం కలిపిందీ, ఎక్కాలు రాకపోతే చెవి మెలిపెట్టిందీ నేను. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పటేల్‌గూడలో మాది ఒకటే ఇల్లు. అన్నదమ్ములిద్దరూ పటాన్‌చెరులో ఒకే ఫ్యాక్టరీలో చేసేవాళ్లు. నా భర్త మెషీన్ మీద, మరిది సూపర్‌వైజరుగా. సమ్మె వచ్చింది. ఒకరు గేటు బయట టెంటు కింద కూర్చున్నారు, ఇంకొకరు పోలీసుల మధ్య నుంచి లోపలికి వెళ్లారు. కొన్నాళ్లకు యూనియన్ వాళ్లూ యాజమాన్యం వాళ్లూ చేతులు కలిపి, దండలు వేసుకుని, ఫొటో కూడా దిగారు. మా ఇంట్లో మాత్రం సమ్మె ముగియలేదు. హాలు పక్కగా ఇటుక గోడ లేచింది. హాలూ ముందు గదీ వాళ్లకు, వంటిల్లూ వెనక గదులూ మాకు. వాళ్లు కొత్త వంటగది కట్టుకున్నారు, మేము వెనక సందులోకి కొత్త గేటు పెట్టుకున్నాం. ఆడవాళ్లు మాట్లాడుకోకూడదని నోరు తెరిచి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే ఆడవాళ్లు కూడా మానుకోవాలన్నది మా వైపు ఆచారం. ఎవరు పెట్టారో వాళ్లు దొరికితే రెండు అడుగుదామని ఉంది.

అన్నీ పంచుకున్నవాళ్లు కేబుల్ వైరును పంచడం మరిచిపోయారు. స్తంభం మీది నుంచి ఒకటే వైరు వచ్చి వాళ్ల హాల్లో దిగుతుంది. అక్కడ అగ్గిపెట్టెంత స్ప్లిటర్ ఒకటి ఉంది. అందులోంచి ఒక కొమ్మ వాళ్ల టీవీకి, ఇంకో కొమ్మ నా మోడెంకు. గోడ కట్టిన మేస్త్రీ ఆ వైరును కత్తిరించకుండా ఇటుకల మధ్య దారి వదిలి చుట్టూ సిమెంటు పూశాడు. ఆ గోడ మొత్తంలో బుద్ధితో చేసిన పని అదొక్కటే.

నేను అంతకుముందు ఒక డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేదాన్ని. పిల్లలు చేరడం లేదని మా బ్రాంచి ఎత్తేశారు. అప్పటి నుంచి ఇంట్లోంచే సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషను. జోగిపేట పిల్లలు, సంగారెడ్డి పిల్లలు, రుద్రారం నుంచి ఇద్దరు. గోడ లేచాక ఒకరోజు క్లాసు లింకు నా తోడికోడలికి పంపాను. పక్కన ఒక్క ముక్క రాయలేదు. ఆ సాయంత్రం తెర మీద కొత్త కిటికీ తెరుచుకుంది. అందులో మా పిల్ల, వాళ్ల నాన్న పాత ఫోను ముందు, రెండు జడలతో, బుద్ధిమంతురాలిలా.

తిన్నదా, నిద్ర పోయిందా అని అడగడానికి లేదు. చుట్టూ క్లాసు పిల్లలున్నారు. "చివరి బెంచీ అమ్మాయీ, లెక్క అర్థమైందా?" అనేదాన్ని. ఆన్‌లైన్‌లో చివరి బెంచీ ఏమిటో ఆ పిల్లలకు తెలియదు. మా పిల్ల నవ్వేది. ఆ నవ్వు నాకు రెండుసార్లు వినిపించేది. ముందు గోడ అవతలి నుంచి సన్నగా, తర్వాత ఎక్కడెక్కడో తిరిగి వచ్చి ల్యాప్‌టాప్‌లో. పది అడుగుల దూరంలో ఉన్న పిల్ల నవ్వు నా దగ్గరికి రావడానికి అంత ప్రయాణం చేసేది.

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. వేసవిలో ఇంటర్‌కు పనికొచ్చే లెక్కలు మొదలుపెట్టాను. ఒక సాయంత్రం క్లాసు అయ్యాక పిల్లలంతా వెళ్లిపోయారు. ఆ కిటికీ మాత్రం ఉండిపోయింది.

"పెద్దమ్మా," అంది గొంతు తగ్గించి. "నాయినకు పుణె దిక్కు కొత్త నౌకరి వచ్చింది. అమ్మ గూడ పోతది. నేను మీ తాన ఉండి ఈడనే చదువుకోవాల్నా? ఉంచుకుంటవా?"

నా జన్మలో ఏ ప్రశ్నకూ అంత తొందరగా జవాబు చెప్పలేదు. "ఉండు బిడ్డా. ఇది నీ ఇల్లే. ఎవరు కాదన్నా నేను మాట్లాడుత," అన్నాను, నేనూ గొంతు తగ్గించే. ఇంకా ఏవేవో అన్నాను. వెనక గది నీకే అన్నాను, పెదనాయిన సంగతి నాకు వదిలెయ్యి అన్నాను. ఆ పిల్ల తెరలోంచి నన్నే చూస్తోంది. కదలకుండా కాసేపు చూసింది. తర్వాత కళ్లు దించుకుని, "సరే పెద్దమ్మా," అని వెళ్లిపోయింది.

ఆ "సరే" అందుకుని నేను ఆ రాత్రే ఇంట్లో పండగ చేశాను. వెనక గదిలోని పాత సామాను అటక ఎక్కించాను. మంచం కడిగి ఆరబెట్టాను. నా భర్త చూసి, "ఏందే, సుట్టాలొస్తున్నరా?" అన్నాడు. చెప్పాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే, కాలు ఊగే పాత చదువు బల్లను బోర్లా వేసి మేకు కొడుతున్నాడు. మా ఆయన ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

ఆ రోజు క్లాసులో పిల్లలు గోల మొదలుపెట్టారు.

"మేడం, మీ వాయిస్ కట్ అయితుంది."

"మేడం, మీరు స్టాచ్యూ లెక్క ఆగిపోయిన్రు."

"నిన్న గూడ గట్లనే అయింది మేడం, లాస్టుకు."

నాకు వాళ్లందరూ శుభ్రంగా కనిపిస్తున్నారు, వినిపిస్తున్నారు. మా పిల్ల కూడా వచ్చింది. నోట్సు మీదికి వంగి ఉంది, తల ఎత్తలేదు. క్లాసు అవ్వగానే అందరికంటే ముందు వెళ్లిపోయింది. ఇల్లు మారే హడావిడి అనుకున్నాను.

రేపూ ఇలాగే అయితే, క్లాసు సగంలో ఆపేసి ఇరవైమంది పిల్లలకు క్షమాపణ చెప్పడం నా వల్ల కాదు. మోడెం స్టేటస్ పేజీ తెరిచాను. కేబుల్ మోడెం లోపల అలాంటి పేజీ ఒకటి ఉంటుంది. కనెక్షన్ ఉన్నవాళ్లెవరైనా బ్రౌజర్‌లో దాని అడ్రసు కొట్టి చూడొచ్చు, ఎవరూ చూడరు. అందులో రెండు పట్టికలు. డౌన్‌స్ట్రీమ్ అంటే కేబుల్ ఆఫీసు నుంచి మనకు వచ్చేది. దాని బలాన్ని డెసిబెల్స్‌లో, పొట్టిగా డీబీల్లో, కొలుస్తారు; సున్నాకు అటూ ఇటూ ఏడు డీబీల్లోపు ఉంటే బాగున్నట్టే. అప్‌స్ట్రీమ్ అంటే మన మోడెం ఆఫీసుకు పంపేది. అక్కడ కనిపించే అంకె అందిన బలం కాదు, మోడెం ఎంత గట్టిగా అరుస్తోందో చెప్పే అంకె. ఆఫీసులోని మెషీను "వినపడట్లేదు, పెంచు" అన్నకొద్దీ ఇది గొంతు పెంచుతుంది. కాబట్టి ఆ అంకె పెరిగిందంటే చెడ్డ వార్త. నా డిప్లొమా పిల్లలకు ఇది ఎన్నేళ్లు చెప్పినా ఎక్కలేదు. పెద్ద అంకె అంటే మంచి మార్కులని వాళ్ల నమ్మకం.

మా ఇంట్లో ఆ అంకె ఎప్పుడూ నలభై మూడు, నలభై నాలుగు. ఇప్పుడు యాభై మూడు. పది డీబీలు పెరిగిందంటే పదింతల శక్తితో అరుస్తోందన్నమాట. యాభై నాలుగు దగ్గర మా మోడెం గొంతు ఆగిపోతుంది, ఆ పైన దానికి శక్తి లేదు. కింద లాగ్‌లో టీ-త్రీ టైమ్‌అవుట్‌లు వరసగా పడి ఉన్నాయి. పిలిచాను, జవాబు రాలేదు. మళ్లీ పిలిచాను, జవాబు రాలేదు. వాటి అర్థం అంతే.

కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేశాను.

"యూట్యూబ్ వస్తుందా మేడం?"

"వస్తుంది."

"మరింకేంది మేడం, నెట్ మంచిగనే ఉన్నది గదా."

"నాయనా, నేను సినిమాలు చూస్తలేను, పాఠం చెప్తున్న. నాకొచ్చేది మంచిగనే ఉన్నది. నేను పంపేది పోతలేదు. రెండిటికీ తేడా తెలిసినోన్ని పంపు."

మర్నాడు వాళ్లు పంపినవాడికి తేడా తెలుసు, ఒప్పుకోవడం మాత్రం తెలియదు. నలభై ఏళ్ల మనిషి, మెడలో వైర్ల చుట్ట, నోట్లో వక్కపొడి. వస్తూనే తన ఫోనులో స్పీడ్ టెస్టు పెట్టి నా మొహం ముందు ఆడించాడు.

"సూడున్రి అక్కా, రాకెట్ లెక్క పోతుంది."

"అది కిందికి దిగే రాకెట్. పైకి పోయేది సూపియ్యి."

పైకి పోయేది తుస్సుమంది. ల్యాప్‌టాప్ తిప్పి యాభై మూడు చూపించాను.

"యాభై నాలుగు దాక నడుస్తదక్కా."

"నీ బండి ట్యాంకుల ఒక్క చుక్క పెట్రోల్ ఉన్నా నడుస్తది. గట్ల పోతవా జోగిపేట?"

నవ్వాడు. "మీరు ఏం సదువుకున్నరక్కా?"

"నీ అసుంటోళ్లకు చదువు చెప్పిన. ఇటు చూడు."

డౌన్‌స్ట్రీమ్ పట్టికలో నాకు ఇంకొకటి కనిపించింది. పై ఫ్రీక్వెన్సీ చానెళ్లు ఎప్పటిలాగే మైనస్ ఒకటి దగ్గరున్నాయి. కిందికి వచ్చేకొద్దీ మైనస్ ఆరుకు పడిపోయాయి. అప్‌స్ట్రీమ్ వాటన్నిటికంటే కింది ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుంది. వైరు పొడవు వల్ల వచ్చే నష్టమైతే తలకిందులుగా ఉండాలి. పైవి ముందు పడిపోవాలి. కిందివి మాత్రమే చచ్చిపోతున్నాయంటే, వైరు నడుమ ఉండే రాగి తీగ ఏదో ఒక కనెక్టరులో ఆనీ ఆననట్టు ఉందని అర్థం. అలాంటి సన్నటి సందును పై ఫ్రీక్వెన్సీలు దూకేస్తాయి, కిందివి దూకలేవు.

"కరెక్టే," అన్నాడు వాడు, వక్కపొడి ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ. "లూజ్ కాంటాక్ట్. స్తంభం మీదనే ఉంటది. ఎండకు, వానకు తుప్పు పట్టుతయి."

స్తంభం ఎక్కాడు. కనెక్టరు కోసి కొత్తది వేశాడు. నేను కింద నుంచి అరిచాను: "యాభై మూడు." ఇంటి బయటి గోడ మీది జాయింటు విప్పి మళ్లీ వేశాడు. యాభై మూడు. నా మోడెం దగ్గరి కొస కోసి కొత్తగా బిగించాడు. యాభై మూడు. చెమట తుడుచుకుని గోడ వైపు చూశాడు.

"ఇగ ఒక్కటే మిగిలిందక్కా. ఆ ఇంట్ల స్ప్లిటర్. అవతలోళ్లు మాట్లాడరా మీతోని? పరేషాన్ ఎందుకు, స్తంభం నుంచి మీకు సెపరేటు వైరు గుంజుత. ఆళ్ల గడప తొక్కే పనే ఉండదు."

"వద్దు," అన్నాను.

"ఎందుకక్కా, సాఫ్ పని."

"ముందు ఉన్నదాన్ని బాగు చెయ్యి. నడువు, నేనూ వస్త."

ఏడాదిగా ఆ గడప దాటడానికి నా దగ్గర కారణం లేదు. ఇప్పుడు ఒక మనిషీ, వాడి చేతిలో ఒక స్క్రూడ్రైవరూ ఉన్నాయి. పైగా రేపోమాపో వాళ్లే పిల్లను తీసుకుని మా గుమ్మంలోకి రావాలి కదా, ముందుగా నేనే వెళ్తే తప్పేముంది అనుకున్నాను. చీర కూడా మార్చుకున్నాను.

తోడికోడలు తలుపు తీసింది. నన్ను చూసి పక్కకు జరగడానికి కూడా ఆమెకు తోచలేదు.

"చెల్లె, కేబుల్ చూడాలె," అన్నాను.

"రా అక్కా," అంది, ఏడుపు గొంతుతో.

హాలంతా అట్టపెట్టెలు. టీవీ లేదు. టీవీ ఉన్నచోట గోడ మీద రంగు వెలవని నలుచదరం మిగిలింది. స్ప్లిటర్ మేకు నుంచి ఊడి వైర్ల మీద వేలాడుతోంది. స్తంభం నుంచి వచ్చే వైరు దాని మూతిలోంచి సగం బయటికి జారి ఉంది; నడుమ తీగ అంచు మాత్రం తాకుతోంది. టీవీకి వెళ్లే కొమ్మ కొస నేల మీద ఉత్తగా పడి ఉంది.

"ఇగో, దొంగ దొరికిండు," అన్నాడు కేబుల్ మనిషి హుషారుగా. "టీవీ తీసేటప్పుడు వైరు పట్టి గుంజిర్రు. ఎప్పుడు తీసిన్రమ్మా?"

"మొన్న," అంది తోడికోడలు. "కొన్నోళ్లు మధ్యాహ్నం వచ్చి పట్టుకపోయిన్రు."

మొన్న మధ్యాహ్నం. ఆ సాయంత్రమే పిల్ల నన్ను అడిగింది.

నాకు ఇంకా వెలగలేదు. కేబుల్ మనిషి కొత్త కనెక్టరు వేసి బిగిస్తున్నాడు. ఖాళీగా ఉన్న రెండో మూతికి, బయటి రొద లోపలికి దూరకుండా, చిన్న మూత పెడుతున్నాడు. అప్పుడు గోడ పక్కన కొత్త ట్రంకు పెట్టె చూశాను. మూత మీద తెల్ల పెయింటుతో మా పిల్ల పేరు, దాని కింద హన్మకొండలోని ఒక హాస్టల్ కాలేజీ పేరు.

"ఇదేంది చెల్లె?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. జవాబు లోపలి గది గుమ్మంలోంచి వచ్చింది. మా మరిది. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు.

"కూర్చో వదినా," అన్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట.

"కూర్చోనికి రాలే. పిల్ల మా తాన ఉంటదన్నరు గదా?"

"ఎవరన్నరు? మేము అడిగినం. నువ్వు సప్పుడు చెయ్యలే."

"నేను సప్పుడు చెయ్యలేదా?"

"పిల్లనే అడగమన్న నేను. ఆ క్లాసు సంగతి నాకు తెల్వదనుకున్నవా వదినా? గోడవతల నీ గొంతు, ఇవతల ఫోన్ల నీ గొంతు. ఏడాది సంది రెండు చెవులతోని వింటున్న. అడ్డం చెప్పిన్నా? మొన్న పిల్ల అడిగింది. నువ్వు గట్లనే చూస్కుంట కూసున్నవట, ఒక్క మాట అనలేదట. అంత మాట్లాడేదానివి మాట్లాడలేదంటే ఇష్టం లేదనుకున్న. నిన్న పోయి హన్మకొండల సీటు తీసుకున్న. వాళ్ల మేనమామ ఉన్నడు ఆడ."

యాభై మూడు. టీ-త్రీ టైమ్‌అవుట్. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆ పిల్ల ముందు నా మొహం బొమ్మలా ఆగిపోయింది. గట్టిగా మాట్లాడి ఉంటే గోడ అవతలికైనా వినిపించేది. ఎవరి చెవినా పడకూడదని గొంతు తగ్గించి చెప్పాను. అలా చెప్పడమే ఆ ఏడాదంతా మేము నేర్చుకున్న విద్య. ఎప్పుడూ వీధి చివరి దాకా వినిపించే నా నోరు, కావలసిన రోజున పది అడుగులు దాటలేదు.

"చెప్పిన," అన్నాను. "ఉండు బిడ్డా అని చెప్పిన. ఇగో, ఈ వైరును అడుగు. ఈ మనిషిని అడుగు."

కేబుల్ మనిషి మా ముగ్గురి మొహాలూ చూసి, మొదటిసారి జోకు వేయకుండా, "నిజమే సార్. పోయేది బందైంది. వచ్చేది వచ్చింది," అన్నాడు. సామాను చుట్టుకుని బయటికి నడిచాడు.

అప్పుడు లోపలి నుంచి పిల్ల వచ్చింది. తెరలో కాదు, నేల మీద. నాకంటే ఎత్తు. చేతులు సన్నగా, పొడుగ్గా, నేనెరగని చేతులు. ఆ జడల కింద ఇంత మనిషి ఉందని నాకెవరూ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చి భుజం మీద తల పెట్టడానికి వంగింది. వంగాల్సి వచ్చింది.

"నాకు వినరాలే పెద్దమ్మా."

"తెలుసు బిడ్డా."

మరిది తల తిప్పుకున్నాడు. అతను రాయి కాదు. రాయి అయితే నా పని సులువయ్యేది. అటే చూస్తూ అన్నాడు: "సీటు వద్దంటె వద్దు, అది పెద్ద సంగతి కాదు. కని నా బిడ్డను ఆ ఇంట్ల ఉంచాల్నంటె అన్న అడగాలె. నువ్వు కాదు వదినా. నీ మీద నాకేం కోపం లేదు. అన్న వచ్చి, 'పిల్లను ఉంచిపోరా' అని ఒక్క మాట అనాలె. రేపు సాయంత్రం బండి వస్తది. అప్పటిదాక చూస్త."

మా ఇంటికి వచ్చేసరికి నా భర్త మేకు కొట్టిన బల్ల మీద చెయ్యి ఆనించి ఊగుతుందేమో చూస్తున్నాడు.

చెప్పాను. మొదట నెమ్మదిగా చెప్పాను. తర్వాత గొంతు పెంచాను. వాదించడం నాకు వచ్చిన పని. కాలేజీలో ప్రిన్సిపాళ్లను, కాలనీలో నీళ్ల ట్యాంకరువాళ్లను, ఆఖరికి పోలీసులను కూడా వాదించి ఒప్పించాను. న్యాయం చెప్పాను. పిల్ల మొహం చెప్పాను. వంగింది అని చెప్పాను. బతిమాలాను, అది నాకు అలవాటు లేని పని కనుక బాగా చేయలేకపోయాను.

"గేటు దాటి లోపలికి పోయింది వాడు," అన్నాడు ఆయన. "టెంటు కింద మా మొహాలు చూసుకుంట పోయిండు. వాడు అడగాలె."

"వాడు పిల్లతోని అడిగిపిచ్చిండు గదయ్యా!"

"పిల్లతోని కాదు."

"ఒక్క మాట. ఉంచిపోరా. గంతే. ఎన్ని అక్షరాలున్నయి అండ్ల?"

"నాకు గూడ పిల్ల ఉండాల్ననే ఉన్నది," అన్నాడు. "వాడు వస్తె కాళ్లు గడిగి లోపలికి తీసుకుంట. నేను పోను."

మర్నాడు పొద్దున ఆయన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని గేటు దాకా వెళ్లాడు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. సందు మలుపు దాకా వెళ్లాడు. అక్కడి నుంచి వాళ్ల గుమ్మం కనిపిస్తుంది. గోడ మీద ఒక చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తిరిగి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

ఆ సాయంత్రం క్లాసు పెట్టకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. పెట్టాను. ముందు స్టేటస్ పేజీ చూశాను. అప్‌స్ట్రీమ్ నలభై మూడు. కింది చానెళ్లు, పై చానెళ్లు అన్నీ సున్నాకు దగ్గరగా, ఒక వరసలో. లాగ్‌లో రాత్రి నుంచి కొత్త టైమ్‌అవుట్ ఒక్కటీ లేదు. అంత మంచి రీడింగు మా ఇంట్లో అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

మా పిల్ల కిటికీ వచ్చింది. వెనక గోడ ఖాళీ. పాఠం చెప్పాను. త్రికోణమితి. జోగిపేట పిల్లవాడు, "మేడం, ఈ రోజు మీ వాయిస్ మస్తు క్లియర్ ఉంది," అన్నాడు. సంతోషం నాయనా అన్నాను. లెక్క చివరి దాకా చేయించాను, తప్పు చేసినవాళ్లను తిట్టాను, ఇంటి పని ఇచ్చాను. ఒక్కొక్కరూ వెళ్లిపోయారు.

ఇద్దరం మిగిలాం.

"అమ్మ చెప్పింది పెద్దమ్మా. నువ్వు ఆ రోజు ఏమన్నవో."

"ఊఁ."

"నేను వినలే గదా. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడెందుకు బిడ్డా?"

"చెప్పు."

గోడ అవతల బండి వెనక తలుపు గొలుసులు దించుతున్న చప్పుడు. ఎవరో కూలీ హిందీలో జాగ్రత్త జాగ్రత్త అంటున్నాడు. నేను నా గొంతు ఆమెకు ఎలా వెళ్తుందో విన్నాను. నా మాట ఆ గదిలో ఫోనులోంచి పలకడం గోడ ఇవతలికి కూడా వినిపిస్తోంది.

"ఉండు బిడ్డా," అన్నాను. "ఇది నీ ఇల్లే."

తెరలో ఆమె మొహం మొత్తం విప్పారింది, ఒక్క క్షణం, నిజంగానే ఉండిపోతున్నట్టు. వెంటనే ముడుచుకుపోయింది.

"వినొచ్చిందా?"

"వినొచ్చింది పెద్దమ్మా. అంతా వినొచ్చింది."

వాళ్ల నాన్న పిలిచాడు. హాస్టల్‌లో ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆ ఫోను ఆయనకు తిరిగి ఇచ్చేయాలి. "నువ్వు ముందు కట్ చెయ్యి," అంది. నేను చేయలేనన్నాను. కాసేపు అలాగే చూసుకున్నాం. తర్వాత ఆమె వేలు దగ్గరికి వచ్చింది, పెద్దదై తెరను కప్పింది, కిటికీ పోయింది.

మీటింగులో ఒక్కరే మిగిలితే తెర నిండా మన మొహమే వస్తుంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. బయట బండి కదిలి మలుపు తిరిగింది. నా భర్త వెనక గదిలో, ఎవరూ కూర్చోని ఆ బల్లను గోడకు జరుపుతున్న చప్పుడు వినిపించింది.